పడిశం పట్టిన మూడో రాత్రికి ముందే సిద్ధపడడం: పిల్లల ఆయాసానికి ఇంటి ప్రణాళిక

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. ముసురు పట్టిన ఆ రోజుల్లో తలుపులు, కిటికీలు మూసుకొని ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకుంటారు, బడిలోనూ పిల్లలు ఒకరికొకరు ఆనుకొని కూర్చుంటారు, ఒకరి పడిశం వారం తిరగకముందే నలుగురికి అంటుకుంటుంది. చాలామంది పిల్లలకు అది ముక్కు కారడంతో మొదలై ముక్కుతోనే పోతుంది. కొందరికి మాత్రం రెండో రోజుకో మూడో రోజుకో ఛాతీలోకి దిగి, రాత్రి రెండు మూడు గంటల వేళ పిల్లికూతలుగా, ఆయాసంగా బయటపడుతుంది. ఈ జిల్లాల్లో ఏళ్లుగా పిల్లల వైద్యం చేస్తూ నేను గమనించినదేమిటంటే, అలా అర్ధరాత్రి ఆటో మాట్లాడుకొని పరుగున వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది "పడిశం మొన్ననే పట్టింది సార్" అని చెబుతారు. అంటే చేతిలో రెండు రోజుల వ్యవధి ఉంది, దాన్ని వాడుకునే దారి వారికి ఎవరూ రాసివ్వలేదు. ఆ రెండు రోజుల్లో ఏ పని ఎప్పుడు చేయాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఇది ముఖ్యంగా రెండేళ్లు దాటిన పిల్లల కోసం, అందులోనూ ఇంతకుముందు పడిశం చేసినప్పుడల్లా పిల్లికూతలు వచ్చి, డాక్టరు ఇన్‌హేలర్ రాసిచ్చిన పిల్లల కోసం రాసినది. ఏడాది నిండని పసిబిడ్డకు మొదటిసారి ఆయాసం వస్తే ఈ పద్ధతి వర్తించదు. ఆ వయసులో ఆర్‌ఎస్‌వీ వంటి వైరస్‌ల వల్ల సన్నని శ్వాసనాళాలు వాచిపోయే జబ్బు ఎక్కువ, దానికి ఇన్‌హేలర్ సాధారణంగా పనిచేయదు, బిడ్డను నేరుగా డాక్టరుకు చూపించాలి. అలాగే పడిశమేమీ లేకుండా, వేరుశనగ గింజలో బఠాణీలో తింటూ ఒక్కసారిగా పొలమారి ఆ తర్వాత కూత మొదలైతే, గింజ శ్వాసనాళంలో ఇరుక్కొని ఉండవచ్చు. అప్పుడు ఇన్‌హేలరుతో కాలయాపన చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి.

లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకోవాలి

1995లో ఇంగ్లండులో 9 నుంచి 11 ఏళ్ల పిల్లలను గమనించిన ఒక పరిశోధనలో, ఆయాసం ఎక్కువైన సందర్భాల్లో నూటికి 80 నుంచి 85 సార్లు ఏదో ఒక వైరస్ కనిపించింది. వాటిలో ఎక్కువ భాగం మామూలు పడిశానికి కారణమయ్యే రైనోవైరస్ జాతివే. అంటే పిల్లవాడికి ఆయాసం తెప్పించేది ఏదో అరుదైన క్రిమి కాదు, పక్క బెంచీ పిల్లవాడికి రెండు తుమ్ములతో సరిపెట్టిన ఆ పడిశమే.

ఉబ్బస స్వభావం ఉన్న పిల్లల శ్వాసనాళాల లోపలి పొర బాగున్న రోజుల్లో కూడా కొద్దిగా వాచి, త్వరగా రేగే స్థితిలో ఉంటుంది. వైరస్ ముక్కు నుంచి కిందికి దిగి ఆ పొరను తాకినప్పుడు మూడు మార్పులు జరుగుతాయి. నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర మరింత వాస్తుంది, చిక్కటి కఫం ఊరుతుంది. పిల్లల నాళాలు అసలే సన్నవి కాబట్టి కొద్దిపాటి వాపుకే దారి బాగా ఇరుకైపోతుంది. ఆ ఇరుకులోంచి గాలి బయటికి పోతున్నప్పుడు వచ్చే ఈల వంటి చప్పుడునే మనం పిల్లికూత అంటున్నాం.

ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకోమని నేను ప్రతి తల్లికీ చెప్పడానికి ఒక కారణం ఉంది. ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, అంటే మన వాళ్లు పంపు అనేది, బిగుసుకున్న కండరాన్ని మాత్రమే వదులు చేస్తుంది. అది 5 నిమిషాల్లో పని మొదలుపెడుతుంది, దాని ప్రభావం సుమారు 4 గంటలు నిలుస్తుంది. వాపును, కఫాన్ని అది తగ్గించలేదు. అందువల్ల వాపు పెరుగుతున్నకొద్దీ పంపు ఇచ్చే ఊరట తక్కువ సేపు నిలుస్తుంది. మొదట నాలుగు గంటలు హాయిగా ఉన్న పిల్లవాడు, తర్వాత మూడు గంటలకే, ఆపైన రెండు గంటలకే మళ్లీ దగ్గడం మొదలుపెడతాడు. ఇంట్లో ఏ పరికరమూ లేకపోయినా వాపు ఎంత ముదిరిందో తల్లికి చెప్పగలిగే కొలత ఈ గంటల లెక్కే. కింద చెప్పబోయే ప్రణాళికంతా దాని మీదే నిలబడి ఉంది.

వానలకు ముందు చేయవలసిన పని

పిల్లవాడు బాగున్న రోజున, వీలైతే సెప్టెంబరులోనే, మీ డాక్టరు దగ్గరకు వెళ్లి ఒక కాగితం మీద ప్రణాళిక రాయించుకోండి. పిల్లవాడి బరువు, రోజూ వాడవలసిన మందు, ఆయాసం వచ్చినప్పుడు వాడవలసిన మందు, ఒక్కోసారి ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికి మళ్లీ ఇవ్వాలి, ఏ స్థితిలో ఆసుపత్రికి బయలుదేరాలి అన్నవి అందులో తెలుగులో ఉండాలి. దాన్ని మందుల డబ్బా ఉండే బీరువా తలుపు మీద అంటించండి. ఒక నకలు బడిలో టీచరు గారికి, మరొకటి పిల్లవాడిని చూసుకునే అవ్వకో తాతకో ఇవ్వండి.

ఇన్‌హేలర్ల రంగును మాత్రం నమ్మవద్దు. మన దేశంలో ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వాడుతుంది కాబట్టి పేరు చదివి, డబ్బా మీద స్కెచ్ పెన్నుతో "రోజూ" అనో "ఆయాసానికి" అనో మీరే రాసుకోవాలి. రోజూ వాడేది బుడెసోనైడ్, ఫ్లూటికాసోన్ వంటి స్టిరాయిడ్ మందు. అది లోపలి వాపును రోజుల తరబడి నెమ్మదిగా అణచి ఉంచుతుంది, ఆయాసం వచ్చిన క్షణంలో ఊరటనివ్వదు. ఈ తేడా తెలియక, అర్ధరాత్రి రోజువారీ మందునే పదేపదే కొట్టి "పంపు పనిచేయలేదు" అని వచ్చినవారిని నేను చూశాను.

సాల్బుటమాల్ డబ్బాలో సాధారణంగా 200 పఫ్‌లు ఉంటాయి. అంకెలు చూపించే డబ్బా అయితే సరే, లేకపోతే వాడినప్పుడల్లా క్యాలెండరు మీద గీత పెట్టుకోండి. నీళ్లలో వేసి తేలుతుందో మునుగుతుందో చూడడం నమ్మదగిన పద్ధతి కాదు, ఎందుకంటే మందు అయిపోయాక కూడా డబ్బా లోపల వాయువు మిగిలి చప్పుడు చేస్తూనే ఉంటుంది.

పంపును నేరుగా నోట్లో కొడితే మందులో ఎక్కువ భాగం నాలుక మీద, గొంతులో పడిపోతుంది. అందుకే పంపుకూ నోటికీ మధ్య అమర్చే ప్లాస్టిక్ గొట్టం, అంటే స్పేసర్ తప్పనిసరి, నాలుగేళ్ల లోపు పిల్లలకు దానికి మాస్కు కూడా కావాలి. పిల్లవాడిని కూర్చోబెట్టి, డబ్బాను బాగా ఊపి స్పేసరుకు తగిలించి, మాస్కును ముక్కు, నోరు కప్పేలా సందు లేకుండా ఆనించండి. ఒకే ఒక్క పఫ్ నొక్కి, పిల్లవాడు మామూలుగా ఐదారుసార్లు గాలి పీల్చి వదిలేదాకా ఆగండి. రెండో పఫ్‌కు మళ్లీ ఊపి, ఇదంతా మొదటి నుంచి చేయాలి. రెండూ ఒకేసారి కొట్టేస్తే బిడ్డకు అందే మందు తగ్గిపోతుంది. స్పేసరును గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్కు మీద పుట్టే విద్యుత్తు మందు కణాలను గోడలకు అంటించేస్తుంది.

పంపు అలవాటైపోతుందన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది కాబట్టి ఒక లెక్క చెప్పాలి. ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాముల సాల్బుటమాల్. రెండు పఫ్‌లు కలిపితే 0.2 మిల్లీగ్రాములు. అదే మందు సిరప్ రూపంలో 5 మిల్లీలీటర్లు తాగిస్తే 2 మిల్లీగ్రాములు, అంటే పదింతలు, ఒంట్లోకి పోతుంది. అది పని మొదలుపెట్టడానికి అరగంట దాకా పడుతుంది, పైగా చేతులు వణకడం, గుండె దడ ఎక్కువ.

ముక్కు కారడం మొదలైన రోజు

ఈ రోజున సాల్బుటమాల్ అవసరం లేదు. దగ్గు, కూత లేకుండా కేవలం ముక్కు కారుతున్నందుకు దాన్ని వాడితే ప్రయోజనం ఉండదు. చేయవలసినది వేరే ఉంది. రోజూ వాడే మందును ఒక్క పూట కూడా తప్పించకండి. "పడిశంగా ఉంది కదా, రెండు రోజులు ఆపుదాం" అనుకోవడమే నేను ఎక్కువగా చూసే పొరపాటు. దాన్ని సొంతంగా పెంచనూ వద్దు. ఉబ్బసం కొద్దిగా ముదిరే లక్షణాలు కనిపించినప్పుడు ఈ మందును ఐదు రెట్లు పెంచి చూసిన పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో అలా పెంచినందువల్ల తీవ్రమైన ఆయాసాలు తగ్గలేదు. పడిశం మొదలైన రోజు నుంచి కొన్నాళ్లు ఈ స్టిరాయిడ్ మందును వాడమని కొందరు చిన్నపిల్లలకు డాక్టర్లు ప్రత్యేకంగా రాసిస్తారు. మీ కాగితంలో అలా ఉంటే ఈ రోజునే మొదలుపెట్టాలి.

తర్వాత, పంపు, స్పేసరు చేతికందే చోట పెట్టి, డబ్బాలో ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూసుకోండి. ముప్పై కంటే తక్కువ ఉంటే మందుల షాపు మూసేలోగా కొత్తది తెచ్చుకోండి. పిల్లవాడు నిద్రపోయాక చొక్కా పైకెత్తి, ఒక నిమిషం పాటు గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టి కాగితం మీద రాయండి. బాగున్న రోజు లెక్క తెలిస్తేనే రేపటి లెక్క ఎంత పెరిగిందో అర్థమవుతుంది.

ఈ రోజు నుంచి ఇంట్లో పొగ ఉండకూడదు. పడిశం దిగుతుందని పసిపిల్లలకు సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పనే. అయినా వైరస్‌తో రేగి ఉన్న నాళాలకు ఆ పొగ, దోమల చుట్ట, అగరువత్తి, బీడీ పొగ అన్నీ ఒక్కటే. పొగాకు బ్యారన్ల దగ్గర ఉండే కుటుంబాలు క్యూరింగ్ జరిగే నెలల్లో పడిశం చేసిన పిల్లవాడిని అటు తీసుకువెళ్లకుండా చూసుకోవాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు క్లోర్ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్‌లు వాడకూడదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో స్పష్టం చేసింది కాబట్టి, షాపులో అడిగి తెచ్చే సీసా మీద ఈ పేర్లు చదవండి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

దగ్గు రాత్రి నిద్ర లేపినప్పుడు

ఆయాసానికి ఇదే మొదటి ఘంట. పరుగెత్తినా నవ్వినా దగ్గు రావడం, ఆట మధ్యలో కూర్చుండిపోవడం కూడా ఇటువంటివే. కూత వినిపించేదాకా ఆగకుండా కాగితంలో రాసిన మోతాదు ఇవ్వండి. సాధారణంగా అది ఒక్కో పఫ్ చొప్పున 2 పఫ్‌లు. లెవోసాల్బుటమాల్ అయితే ఒక్కో పఫ్‌కు 50 మైక్రోగ్రాములే ఉంటుంది, అయినా పఫ్‌ల లెక్క మారదు. 20 నిమిషాలు చూసి, తగ్గకపోతే మరో 2, ఇంకో 20 నిమిషాలకూ తగ్గకపోతే మరో 2 ఇవ్వవచ్చు. ఇచ్చిన ప్రతిసారీ టైము రాసుకోండి, ఎందుకంటే నిద్రమత్తులో గంటల లెక్క తప్పడం అందరికీ సహజం.

ఇక్కడి నుంచి నిర్ణయం ఆ లెక్కను బట్టే తీసుకోవాలి. ఊరట నాలుగు గంటలు నిలుస్తుంటే ఇంట్లోనే ఉండి కొనసాగించవచ్చు. మూడు గంటలలోపే మళ్లీ పంపు కావలసి వస్తే, మొదటి రెండు గంటల్లో 6 పఫ్‌లకు మించి అవసరమైతే, లేదా ఒక రోజంతా గడిచినా పంపు అవసరం తీరకపోతే, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పిల్లవాడు ఆడుకుంటున్నాడు కదా అని తెల్లవారేదాకా వాయిదా వేయకూడదు. ఆ దశలో వాపును దించే ప్రెడ్నిసొలోన్ అవసరమవుతుంది, అది పని చూపడానికి కొన్ని గంటలు పడుతుంది. సాయంత్రం మొదలుపెట్టిన మాత్ర తెల్లవారుజాముకు అందివస్తుంది, తెల్లవారుజామున మొదలుపెట్టినది ఆ రాత్రికి ఉపయోగపడదు. ఈ మాత్రను మాత్రం పాత చీటీ చూపించి షాపులో కొనకండి. మోతాదు బరువును బట్టి ఉంటుంది, పడిశంతో కూత వచ్చే చిన్నపిల్లలందరికీ అది అవసరం కాదు కూడా.

ఒక ఇంట్లో జరిగిన నాలుగు రోజులు

కందుకూరుకు సముద్రం వైపున్న ఒక ఊరి నుంచి ఆరేళ్ల బాబును తల్లి తీసుకువచ్చేది. బరువు 18 కిలోలు. అంతకుముందు ఏడాది మూడుసార్లు, మూడుసార్లూ పడిశం పట్టిన మూడో రాత్రే ఆయాసం వచ్చింది. ఆ మూడుసార్లూ అర్ధరాత్రి వేళ దొరికినచోట నెబులైజర్ పెట్టించి, ఇంజెక్షన్ వేయించుకొని, తెల్లవారి మళ్లీ మొదటికి వచ్చినదే. నాలుగోసారికి ముందు అక్టోబరులో కాగితం రాసిచ్చాను.

నవంబరులో ఒక గురువారం బాబు బడి నుంచి ముక్కు కారుతూ వచ్చాడు. తల్లి బుడెసోనైడ్ రెండు పూటలా ఇచ్చింది, డబ్బాలో 140 పఫ్‌లు ఉన్నాయని చూసుకుంది, నిద్రలో ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 20 వచ్చింది. శుక్రవారం సాయంత్రం అవ్వ నిప్పుల మీద సాంబ్రాణి వేయబోయింది. "ఒక్క రవ్వ పొగ తగిల్తే పడిశం దిగిపోద్దమ్మాయ్" అని ఆమె అన్నా, కోడలు బీరువా మీద కాగితం చూపించి, "ఈసారికి డాక్టరు గారు చెప్పినట్టు చేద్దాం అత్తా" అని నిప్పులు బయట పెట్టించింది.

ఆ రాత్రి రెండు గంటలకు దగ్గుతో బాబు లేచాడు. వీపుకు చెవి ఆనిస్తే సన్నని కూత, ఊపిరి 28, డొక్కలు ఎగరడం లేదు. 2 పఫ్‌లు ఇచ్చి, 20 నిమిషాల తర్వాత మరో 2 ఇస్తే నిద్రపోయాడు. శనివారం ఉదయం ఆరున్నరకు, పదిన్నరకు, రెండున్నరకు రెండేసి పఫ్‌లు, అంటే నాలుగు గంటలకు ఒకసారి. సాయంత్రం ఆరింటికి ఇచ్చినప్పుడు వ్యవధి మూడున్నర గంటలకు తగ్గింది. ఎనిమిదింటికే బాబు మళ్లీ దగ్గుతూ భుజాలు ఎత్తి ఊపిరి పీల్చసాగాడు, అంటే ఊరట రెండు గంటలే నిలిచింది. తల్లి 2 పఫ్‌లు ఇచ్చి, ఇంకో గంట చూద్దామన్న భర్తకు తాను రాసుకున్న టైములు చూపించి, వెంటనే బయలుదేరింది. తొమ్మిది లోపు నేను చూసేసరికి ఆక్సిజన్ 94, రెండు వైపులా కూత. స్పేసరుతోనే ఇరవై నిమిషాలకోసారి సాల్బుటమాల్ ఇచ్చి, 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మింగించాము. పదకొండున్నరకు ఆక్సిజన్ 97 అయింది, మూడు రోజులకు మాత్రలు రాసి ఇంటికి పంపగలిగాను. ఆదివారం పంపు ఐదు గంటలకు ఒకసారి చాలింది, సోమవారం రాత్రి లేవకుండా పడుకున్నాడు. దగ్గు మాత్రం ఇంకో పది రోజులు సాగింది. వాపు పూర్తిగా దిగడానికి అంతకాలం పట్టడం మామూలే కాబట్టి దానికి వేరే మందు ఇవ్వలేదు.

ఆలోచించకుండా బయలుదేరవలసిన లక్షణాలు

పక్కటెముకల మధ్య, గొంతు కింది గుంటలో చర్మం లోపలికి లాక్కుపోవడం, డొక్కలు ఎగరవేయడం, ఒక వాక్యం పూర్తి చేయలేకపోవడం, నీళ్లు తాగలేకపోవడం, ఐదేళ్లు దాటిన పిల్లలకు ఊపిరి 30, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వారికి 40 దాటి పంపు తర్వాత కూడా దిగకపోవడం, వేలికి పెట్టే పరికరం ఉంటే ఆక్సిజన్ 92 కంటే తగ్గడం, ఇవి ప్రమాద సూచనలు. పెదవులు నీలిరంగుకు తిరిగినా, పిల్లవాడు మగతగా వాలిపోయినా ఒక్క నిమిషం ఆగకూడదు. అన్నిటికంటే మోసం చేసే లక్షణం నిశ్శబ్దం. అంతసేపూ గట్టిగా వినిపించిన కూత ఆగిపోయి, పిల్లవాడు మాత్రం ఇంకా కష్టపడుతున్నట్టయితే, అది తగ్గడం కాదు, కూత పుట్టడానికి కావలసినంత గాలి కూడా ఆడడం లేదని అర్థం.

108కు ఫోన్ చేసి, బండి వచ్చేదాకా పిల్లవాడిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, స్పేసరుతో నిమిషానికి ఒకటి చొప్పున 10 పఫ్‌ల దాకా ఇవ్వండి. బండి రావడం ఆలస్యమై, పిల్లవాడికి ఇంకా తగ్గకపోతే మళ్లీ ఇవ్వవచ్చు. ఆవిరి పట్టడం, ఛాతీకి కర్పూరం కలిసిన బామ్ రుద్దడం ఇప్పుడు చేయకూడదు. వేడినీళ్ల గిన్నె ఒలికి కాలిన పిల్లలను ప్రతి చలికాలంలోనూ చూస్తున్నాను. దారిలో పంపు, స్పేసరు, టైములు రాసిన కాగితం మీ చేతిలో ఉండాలి. ఆ కాగితం చూస్తే కొత్త డాక్టరుకు కూడా ఎంత మందు పడిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

తగ్గిన వారంలో

పిల్లవాడు కోలుకున్నాక ఒకటి రెండు వారాల్లో, ఆయాసం లేకపోయినా, మీ డాక్టరుకు చూపించండి. రోజువారీ మందు సరిపోతోందా, స్పేసరు పట్టుకునే తీరు సరిగా ఉందా అన్నది అప్పుడే తేలుతుంది. ఏటా వేయించే ఫ్లూ టీకా గురించి కూడా అప్పుడే అడగండి. అది రైనోవైరస్‌ను ఆపదు, కానీ తీవ్రమైన ఆయాసం తెచ్చే మరో వైరస్ నుంచి కాపాడుతుంది. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి చేప మందు వేయించాలనుకునే కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. వారిని నేను కోరేది, ఆ తర్వాత కూడా రోజువారీ ఇన్‌హేలరును ఆపవద్దని. చివరగా కాగితం మీద ఈసారి ఏ రోజున ఏం జరిగిందో రెండు వరుసలు చేర్చి, డబ్బాలో మిగిలిన పఫ్‌లు లెక్కచూసి, అవసరమైతే కొత్తది తెచ్చి, స్పేసరును కడిగి ఆరబెట్టి మళ్లీ అదే చోట పెట్టండి.